ఆన్‌లైన్ వర్క్‌షాప్ పేజీ: శీర్షిక, వివరణ

“రొయ్యల రైతులకు ఆన్‌లైన్ వర్క్‌షాప్ పెడుతున్నాం. పేజీలో ‘ఈ ఆదివారం అవగాహన సదస్సు, అందరూ రండి’ అని రాశాం. నెల్లూరులో హాలెక్కడ అని ఫోన్లు. ఎలా మార్చాలి?”

అన్నా, సదస్సు అంటే మనవైపు హాలే అనుకుంటారు. ‘ఆన్‌లైన్’ శీర్షికలోనే ఉండాలి. వాట్సాప్‌లో వారం తర్వాత చూసినవాళ్లకి ‘ఈ ఆదివారం’ ఇంకో ఆదివారం అవుతుంది, తేదీ, సంవత్సరం రాయండి. మీ తేదీ 25 అనుకుంటే:

రొయ్యల చెరువు నీటి పరీక్షలు: ఆన్‌లైన్ వర్క్‌షాప్, 25 జనవరి 2026

ఆదివారం సాయంత్రం 6 నుంచి 7:30 వరకు, జూమ్‌లో లైవ్, తెలుగులో. వెనామీ సాగు కొత్తగా మొదలుపెట్టిన నెల్లూరు, ప్రకాశం రైతులకు. పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా కిట్‌తో ఎలా చూడాలో చేసి చూపిస్తాం. ఫోన్, నెట్ చాలు. రికార్డింగ్ ఉండదు.

‘అందరూ రండి’ తీసేయండి. అనుభవజ్ఞులు, మేత డీలర్లు నిండితే కొత్త రైతు నోరు విప్పి అడగడు. రికార్డింగ్ ఇచ్చేట్టయితే చివరి వాక్యం మార్చండి.