సాబు ఓడ దిగి రాలేదు తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మీ నాయనమ్మ "అల్మారీల సాబు పెట్టిన, తీస్కో బిడ్డా" అంటుంది చూడు, సబ్బుని సాబు అనే ఆ ఒక్క వాక్యం బాగుంది, దాన్ని ముట్టుకోకు. కానీ దాని కిందే నువ్వు రాసిన లైన్ చదివి నాకు కోపం వచ్చింది. "అల్మారీ ఉర్దూ పదం, సాబు మాత్రం పోర్చుగీసు నుంచి వచ్చిందని అందరికీ తెలిసిందే" అన్నావు. ఎవరా అందరూ? ఫోన్లలో తిరిగే లిస్టులు చదివిన అందరూనా? ఆ లిస్టుల్లో ఎడమపక్క ఒక పదం, కుడిపక్క ఒక పోర్చుగీసు పదం ఉంటాయి, మధ్యలో ఏమీ ఉండదు. నా గొడవంతా ఆ మధ్యలో ఉండాల్సిన దాని గురించే. రెండు మాటలు ఒకేలా వినిపిస్తే చాలదు, ఇది ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి, ఏ దారిన వచ్చిందో చూపించాలి, అది చూపించలేకపోతే రాయొద్దు. నీ వాక్యంలో రెండు సగాలూ తలకిందులుగా ఉన్నాయి, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా.

ముందు అల్మారీ సంగతి చూద్దాం. పోర్చుగీసులో దాన్ని ఆర్మారియో అంటారు, అది లాటిన్ ఆర్మారియుం నుంచి వచ్చింది. ఆర్మా అంటే ఆయుధాలు, పనిముట్లు, వాటిని దాచుకునే చోటు అన్నమాట. అక్కడ రెండు ర లు ఉన్నాయి కదా, మన అల్మారీలో మొదటిది ల అయింది. ఒకే మాటలో రెండు ర లు వస్తే నోరు ఒకదాన్ని మార్చేసుకోవడం చాలా భాషల్లో జరిగేదే. అయితే ఆ మార్పు ఎక్కడ జరిగింది? నువ్వన్నట్టు ఇది ఉర్దూ వాళ్ళు చేసుకున్న మాటే అయితే ఉర్దూ సోకిన చోటే ల కనిపించాలి. కానీ చూడు, తమిళంలో అలమారి, మలయాళంలో అలమార, శ్రీలంకలో సింహళం వాళ్ళు అల్మారియ అంటారు, ఇంకా దూరం పోతే మలయ్ భాషలో అల్మారి, ఇండోనేషియాలో లెమారి. ఇన్ని రేవుల్లో ఇందరు విడివిడిగా కూర్చుని అదే ర ని అదే ల గా మార్చుకున్నారంటే నేను నమ్మను. ఓడల మీద వచ్చిన పోర్చుగీసు వాళ్ళ నోళ్ళలోనే అది అల్మారియో అయి ఉంది, అలాగే దిగింది. 1498లో కాలికట్, 1510లో గోవా, ఆ తర్వాత చాలాకాలం రేవుల్లో బేరసారాలకి పోర్చుగీసే వాడుక భాష, తర్వాత వచ్చిన డచ్చి వాళ్ళూ ఇంగ్లీషు వాళ్ళూ కూడా దాంతోనే పని నడుపుకున్నారు.

మరి ఉర్దూకి సంబంధం లేదా అంటే ఉంది, మన హైదరాబాద్‌లో చివర ఈ తో అల్మారీ అంటున్నాం అంటే అది దక్కనీ ఉర్దూలోంచి మనింట్లోకి వచ్చింది. అంటే ఉర్దూ మనకి చివరి గుమ్మం, పుట్టిన ఊరు కాదు. ఇది పట్టుకోకపోతే నిఘంటువులు కూడా నిన్ను తప్పుదారి పట్టిస్తాయి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువు తెరిస్తే కొన్ని మాటల పక్కన హిందుస్తానీ అని గుర్తు ఉంటుంది, అది ఆయన విన్న చివరి గుమ్మం గురించి చెప్తుంది, అంతకుముందు ఆ మాట ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అలమర అని పలికేవాళ్ళు ఉన్నారు కదా, దాని చివర మన అర వినిపిస్తుంది, అరలు ఉంటాయి కాబట్టి అలమర, అచ్చ తెలుగు మాటే అని వాదించిన పెద్దమనిషిని నేను చూశాను. చెవికి బాగుంటుంది, మరి జకార్తాలో లెమారికి అర ఎక్కడినుంచి వచ్చిందంటే జవాబు లేదు.

అల్మారీ అనగానే నాకు ఒకటి గుర్తొస్తుంది. నా తొలి రోజుల్లో ఒక కథ రాశాను, అందులో పాతింట్లో గోడలోకి కట్టిన అల్మారీ, చెక్క తలుపులు, లోపల మూడు బండలు, పై బండ మీద ముసలాయన లెక్కల పుస్తకం. ఒక వారపత్రిక ఎడిటర్ గారు నన్ను అడక్కుండా మొత్తం కథలో అల్మారీ అన్న చోటల్లా బీరువా అని మార్చి వేశారు. ఎందుకని అడిగితే, మీ ప్రాంతం మాట అందరికీ అర్థం కాదన్నారు. అర్థం కాకపోవడం అటుంచు, వస్తువే మారిపోయింది! మనకి అల్మారీ గోడలో ఉంటుంది, బీరువా నేలమీద నిలబడుతుంది, ఇనపది, పక్కకి జరపొచ్చు. నా కథలో ఇల్లు అమ్మినప్పుడు ముసలాయన అల్మారీని వెంట తీసుకుపోలేకపోతాడు, అదే కథ. బీరువా అయితే లారీలో వేసుకుపోతాడు కదా! అప్పట్లో ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ బతికేవాణ్ణి, గట్టిగా అడిగితే రేపు ఇంకో కథ వేయరని భయం, నోరు మూసుకున్నాను, ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. మాట మారిస్తే వస్తువు మారుతుందని తెలియనివాళ్ళు ఎర్ర పెన్ను పట్టుకోకూడదు.

సరే, సాబు దగ్గరికి వద్దాం. పోర్చుగీసులో సబ్బుని సబావ్ లాగా అంటారు, చివర ముక్కుతో పలుకుతారు. నువ్వు అది చూసి ఆగిపోయావు. కానీ ఆ ముక్కు శబ్దంతో ముగిసే పోర్చుగీసు మాటలు మన దగ్గరికి వచ్చినప్పుడు ఏమవుతాయో చూశావా? అంగీకి పెట్టుకునే బొతావ్ తెలుగులో బొత్తాం అయింది. వేలంపాటని వాళ్ళు లెయిలావ్ అంటారు, అది ఉర్దూలో నీలాం, మనకి వేలం. ముక్కు శబ్దం పోలేదు, మ గా మారి కూర్చుంది. ఆ లెక్కన సబావ్ వచ్చి ఉంటే మనం సబాం తోనో సబ్బాం తోనో ఒళ్ళు రుద్దుకుంటూ ఉండాలి. ఇదొక్కటే రుజువు అని నేను అనను, శబ్దం ఎప్పుడూ సగం సాక్ష్యమే. మిగతా సగం తేదీ చెప్తుంది.

గురునానక్ 1539లో పోయారు, ఆయన ఉన్నది పంజాబ్‌లో. జప్‌జీ అనే ప్రార్థనలో ఆయన ఒక మాట అంటారు, మైలపడ్డ బట్టని సాబూణ్ పెట్టి ఉతుకుతాం, పాపంతో మైలపడ్డ మనసుని నామంతో కడుక్కోవాలి అని. వింటున్నవాళ్ళకి సాబూణ్ అంటే ఏమిటో విడమర్చి చెప్పలేదు, రోజూ చేసే పనిలా చెప్పేశారు. పోర్చుగీసు వాళ్ళు అప్పటికి ఇంకా పడమటి తీరంలో కోటలు కట్టుకుంటున్నారు, సముద్రానికి అంత దూరంలో పంజాబ్ పల్లెలో చాకలిపనికి వాళ్ళ మాట అప్పుడే ఇంటి మాట అయిపోయిందంటే కుదరదు. అది అరబ్బీ సాబూన్, ఫార్సీ మీదుగా నేల దారిన వచ్చింది. పాతబస్తీలో ఇవాళ్టికీ సాబూన్ అనే అంటారు, దాన్ని విన్న మనవాళ్ళు సాబు అన్నారు. చివరి న ఎలా పోయిందంటే నా ఊహ ఒకటి చెప్తా, ఊహ గానే తీసుకో. సాబూను అన్నది తెలుగు చెవికి సాబు అనే మాటకి ను తగిలించినట్టు ఉంటుంది, గిన్నెను, బట్టను, సాబును. తగిలించిందే అనుకుని ను తీసేసి సాబు మిగుల్చుకున్నారు.

అయితే ఇక్కడ అసలు సంగతి ఉంది, నువ్వు దీన్ని వదిలేసినందుకే నాకు ఎక్కువ బాధ. అరబ్బీ వాళ్ళకి ఆ మాట గ్రీకు వాళ్ళ నుంచి, గ్రీకు వాళ్ళకి లాటిన్ సాపో నుంచి వచ్చింది. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ సాపో గురించి రాశాడు, కొవ్వూ బూడిదా కలిపి చేస్తారు, గాల్ దేశం వాళ్ళు కనిపెట్టారు, జుట్టు ఎర్రబడటానికి రాసుకుంటారు అని. అదే సాపో పోర్చుగల్లో సబావ్ అయింది. అంటే సాబు, సబావ్ ఒక తల్లి పిల్లలే, కాబట్టే ఒకేలా ఉన్నాయి, కాబట్టే అందరూ మోసపోతున్నారు. సాబు యూరప్ మాటే, కానీ మన దగ్గరికి రావడానికి దానికి పోర్చుగీసు ఓడ అవసరం లేకపోయింది. కమీజు కూడా ఇంతే, పోర్చుగీసు కమీజా ని చూపించి లిస్టులో వేస్తారు, మనది అరబ్బీ కమీస్ దారిన వచ్చినది.

మరి నిజంగా ఓడ దిగిన మాట చూడాలంటే సుల్తాన్ బజార్ సందుల్లో కాజా వేసే మనిషి దగ్గర కూర్చో. నేను చాలా సాయంత్రాలు కూర్చున్నా. నాలుగైదు టైలర్ షాపుల చొక్కాలు ఒళ్ళో వేసుకుని మెట్టు మీద పని చేసేవాడు, సుద్దతో గీత పెట్టడం, కొసదేలిన చిన్న కత్తెరతో గీత మీద చీల్చడం, చీలిక అంచు చుట్టూ దారం దగ్గరదగ్గరగా కుట్టుకుంటూ రావడం, రెండు కొసల్లో అడ్డంగా రెండు పోగులు బిగించడం, అది లేకపోతే నాలుగు ఉతుకులకి కాజా నోరు తెరుస్తుంది. ఆ కాజా పోర్చుగీసు కాసా, అంటే ఇల్లు. వాళ్ళు బొత్తాం దూరే చీలికని బొత్తాం ఇల్లు అంటారు. పాత కాలం మన అంగరఖాలకి కట్టుకునే తాళ్ళు, గుండీ తగిలించే దారపు ఉచ్చులు ఉండేవి. అందుకే తెలంగాణలో బొత్తాంని ఇప్పటికీ గుండీ అంటాం, దానికి పాత పేరు ఉంది. గుడ్డని చీల్చి అంచు కుట్టే పద్ధతి మాత్రం కొత్త, దానికి మన దగ్గర పేరు లేదు, కాబట్టి పనితో పాటు పేరూ వచ్చింది. ఇలా పని, వస్తువు, మాట మూడూ కలిసి కనబడితే అప్పుడు ధైర్యంగా రాయి.

దాల్గాదో అని గోవా ఫాదర్ ఒకాయన ఆసియా భాషల్లోకి వెళ్ళిన పోర్చుగీసు మాటలన్నీ 1913లో ఒక పుస్తకంగా వేశాడు, 1936లో బరోడా నుంచి ఇంగ్లీషులో వచ్చింది. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట లేని కాపీ దొరికితే జీతం రాకముందే అప్పు చేసి కొన్నాను. నువ్వు కొననక్కర్లేదు, మా ఇంటికి వచ్చి చూసుకో. ఒక్కో మాటకి పక్కపక్కనే ఎన్నో భాషల రూపాలు ఇస్తాడు, నేను పైన అల్మారీకి చేసిన పని నువ్వు అందులో చేసుకోవచ్చు.

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరితో రాయించాలి అని అడిగావు, వాటి సంగతి ఇప్పుడు వద్దు. ముందు ఆ లైన్ ఉన్న మూడో పేజీ తిరగరాయి. ఆ తర్వాత చాబీ పట్టుకో. పోర్చుగీసు చావె లో వ ఉంది, మరాఠీ గుజరాతీల్లో చావీ అని వ అలాగే ఉంది, మన హైదరాబాద్‌లో హిందీ వాళ్ళలాగే బ ఉంది. బెంగాలీలో వ పలకదు, బ అవుతుంది. మరి మన చాబీ పక్కనే ఉన్న మరాఠ్వాడా నుంచి రాకుండా ఎక్కడ చుట్టు తిరిగి వచ్చిందో ఆలోచించు. మీ అమ్మమ్మ వాళ్ళది నాందేడ్ దగ్గర అన్నావు కదా, అక్కడ ముసలివాళ్ళు చావీ అంటారో చాబీ అంటారో అడిగి, విన్నది విన్నట్టు రాసుకుని తీసుకురా. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను.