నామినీ అన్నయ్య, వారసులు భార్యాపిల్లలు: డబ్బు ఎవరికి చేరుతుంది?

ప్రశ్న: లాయర్ గారూ, నమస్కారం. మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. పెళ్లికి ముందు తెరిచిన డీమ్యాట్ ఖాతాలో, మ్యూచువల్ ఫండ్లలో మా అన్నయ్య నామినీ. పీఎఫ్‌లో, ఎల్ఐసీ పాలసీలో అమ్మ నామినీ. బ్యాంకు ఎఫ్‌డీలు మాత్రం నా భార్యతో జాయింటుగా ఉన్నాయి. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు, నాన్నగారు లేరు. నాకేదైనా అయితే ఇవన్నీ నా భార్యాపిల్లలకే చేరతాయా? అన్నీ ఆమెతో జాయింటు చేసేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఇప్పుడున్న కాగితాలతో అయితే సూటిగా చేరవు. కొన్ని మీ అన్నయ్యగారి చేతి మీదుగా, కొన్ని కోర్టు మీదుగా, కొన్ని మీ అమ్మగారి దాకా వెళ్లి అక్కడి నుంచి రావాల్సి ఉంటుంది. జాయింటు చేస్తే కొంత తేలికవుతుంది, కానీ దానితోనే పని అయిపోదు.

ముందు షేర్లు, ఫండ్ల సంగతి చూద్దాం. నామినీ అంటే మీ తర్వాత ఆ ఆస్తిని సంస్థ దగ్గర అందుకోవడానికి మీరు చూపించిన మనిషి, అంతే. అందుకున్నంత మాత్రాన ఆయన దానికి యజమాని అయిపోడు. శక్తి యెజ్దానీ కేసులో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు షేర్ల విషయంలో ఇదే తేల్చి చెప్పింది. మరి యజమానులెవరు? మీరు హిందువులని, వీలునామా ఏదీ రాయలేదని అనుకుని చెబుతున్నాను. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ భార్య, ఇద్దరు పిల్లలు, మీ అమ్మగారు నలుగురూ సమాన వాటాదారులు. అమ్మకు కొడుకు ఆస్తిలో కోడలితో సమానంగా వాటా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. వీళ్లు ఉండగా అన్నయ్యకు ఏ వాటా లేదు.

డీమ్యాట్‌లోనూ ఫండ్లలోనూ కలిపి 40 లక్షలు ఉన్నాయనుకుందాం. మీ అన్నయ్యగారు మరణ ధ్రువపత్రం, తన కేవైసీ కాగితాలు ఇస్తే షేర్లు ఆయన డీమ్యాట్ ఖాతాలోకి, యూనిట్లు ఆయన పేరు మీదికి మారిపోతాయి. అక్కడితో బ్రోకరు బాధ్యత, ఫండ్ సంస్థ బాధ్యత తీరిపోతాయి. ఇక ఆ నలుగురికీ తలా 10 లక్షల చొప్పున ఆయనే పంచి ఇవ్వాలి. ఆయన ఇస్తారనే మీ నమ్మకం, అది నిజమే కావచ్చు. అయితే పంచక ముందే ఆయనకు ఏదైనా జరిగితే? ఆ షేర్లు ఆయన ఖాతాలో ఆయన ఆస్తిలాగే కనిపిస్తాయి. అవి నిజానికి తన భర్తవని మీ భార్య ఆయన భార్యాబిడ్డల ముందు, అవసరమైతే సిటీ సివిల్ కోర్టులో దావా వేసి రుజువు చేసుకోవాలి. ఎవరిలోనూ దురాశ లేకపోయినా కుటుంబాలు విడిపోయేది ఇలాంటి చోటే. అందుకే ఆ రెండింటిలోనూ నామినీగా మీ భార్య పేరు పెట్టండి. బ్రోకరు యాప్‌లోనూ, ఫండ్ వెబ్‌సైటులోనూ ఓటీపీతో అయిపోయే పని ఇది.

నామినీనే తీసేస్తే ఎలాగూ వారసులకే వస్తుంది కదా అనుకోవద్దు. నామినీ లేని డీమ్యాట్ ఖాతాలో విలువ 15 లక్షలు దాటితే, వీలునామా కూడా లేనప్పుడు, మామూలుగా వారసులెవరో తేల్చే సక్సెషన్ సర్టిఫికెట్‌ను కోర్టు నుంచి తెమ్మంటారు. అంటే పిటిషను, పత్రికా ప్రకటన, వారసులందరి సమ్మతి, కోర్టు ఫీజు, వీటన్నిటికీ పట్టే నెలలు. నామినీ ఉన్నందువల్ల మీ ఇంటివాళ్లకు తప్పేది ఈ తిరుగుడే.

ఎల్ఐసీ పాలసీ దగ్గర లెక్క వేరు. 2015లో సవరించిన బీమా చట్టం ప్రకారం తల్లిదండ్రులను, భార్యను లేదా భర్తను, పిల్లలను నామినీగా పెడితే వాళ్లు ఆ సొమ్ముకు హక్కుదారులే అవుతారు. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే పాలసీ సొమ్మంతా మీ అమ్మగారిదే, మీ భార్యాపిల్లలకు ఏమీ రాదు. కానీ 2025లో కర్ణాటక హైకోర్టు ధార్వాడ బెంచి ముందుకు అచ్చం మీలాంటి కేసే వచ్చింది. పెళ్లికి ముందు తల్లిని నామినీగా పెట్టిన వ్యక్తి, పెళ్లై బిడ్డ పుట్టాక కూడా పేరు మార్చకుండానే చనిపోయాడు. వారసులు అడిగితే నామినీ హక్కు వారసత్వ చట్టాన్ని దాటిపోదని చెప్పి, తల్లికీ భార్యకూ కొడుక్కూ తలా మూడో వంతు ఇచ్చింది కోర్టు. దీని మీద హైకోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. అత్తాకోడళ్లు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కి తేల్చుకోవాల్సిన ప్రశ్నను మీరు వెనక వదిలి వెళ్లకండి. పాలసీ తీసుకున్న బ్రాంచిలో నామినేషన్ మార్పు ఫారం ఇచ్చి, మార్పు నమోదైనట్టు పాలసీ బాండు మీద రాయించుకోండి లేదా ఉత్తరం తీసుకోండి.

పీఎఫ్‌లో మీ అమ్మగారి పేరు పోర్టల్‌లో ఇంకా కనిపిస్తూ ఉండొచ్చు. కానీ పీఎఫ్ స్కీము నిబంధనల ప్రకారం పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లితో రద్దవుతుంది. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. ఈపీఎఫ్‌ఓ సభ్యుల పోర్టల్‌లో ఈ-నామినేషన్ తెరిచి, కుటుంబ సభ్యుల వివరాలు నింపి, ఎవరికి ఎంత శాతమో రాసి, ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేయాలి. చాలామంది వివరాలన్నీ నింపి ఈ-సైన్ దగ్గర వదిలేస్తారు. అది చేయనిదే నామినేషన్ నమోదు కాదు.

ఇక జాయింటు విషయం. మీ ఎఫ్‌డీ రసీదు మీద ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని ఉందో లేదో ముందు చూడండి. ఉంటే మీ తర్వాత బ్యాంకు ఆ సొమ్మును మీ భార్యకే చెల్లిస్తుంది. అయితే గడువు తీరకముందే ఆమెకు డబ్బు అవసరం పడితే చిక్కు వస్తుంది. ఒకరు పోయినా మిగిలినవారు గడువుకు ముందే తీసుకోవచ్చని ఇద్దరూ కలిసి ముందుగా రాసి ఇచ్చి ఉండకపోతే, చనిపోయినవారి వారసుల సమ్మతి తెమ్మని బ్యాంకు అడగవచ్చు. బ్రాంచికి వెళ్లినప్పుడు ఆ మాండేటు ఉందా అని అడిగి, లేకపోతే అప్పుడే సంతకాలు పెట్టి రండి.

డీమ్యాట్ అలా కాదు. ఉన్న ఖాతాలో రెండో పేరు చేర్చడానికి కుదరదు. జాయింటుగా కొత్త ఖాతా తెరిచి షేర్లను అందులోకి మార్చుకోవాలి. మీ విషయంలో అంత అవసరం లేదని నా అభిప్రాయం, నామినీ మార్పు సరిపోతుంది. పైగా జాయింటు పేరు వల్ల సొమ్ము చేతికి త్వరగా వస్తుందే గానీ, అది మీ సంపాదనే అయినప్పుడు మిగతా వారసులు వాటా అడిగే దారి మూసుకుపోదు.

జాయింటు ఖాతాకూ నామినీ ఉండాలి. భార్యాభర్తలు ఒకే కారులో ఊరికి వెళ్తారు. ఇద్దరికీ ఒకేసారి ఏదైనా జరిగితే అప్పుడు పనికొచ్చేది నామినీ పేరే. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎఫ్‌డీలకు మీ పిల్లలిద్దరి పేర్లూ సగం సగం ఇవ్వండి. వాళ్లు మైనర్లు కాబట్టి వాళ్ల తరఫున సొమ్ము అందుకునే పెద్దమనిషి పేరు ఫారంలో రాయాలి. మీ అన్నయ్యగారి మీద మీకున్న నమ్మకానికి తగిన చోటు అది.

ఇంత చేసినా క్లెయిము ఆగిపోయే కారణం ఒకటుంది, మన తెలుగువాళ్లకు మరీ ఎక్కువ: ఇంటిపేరు. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మెట్టినింటి ఇంటిపేరు, నామినీ ఫారంలో ఒట్టి పొడి అక్షరం ఉంటే ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. అప్పుడు ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మంటారు. మీ భార్య ఆధార్‌లో పేరు ఏ అక్షరాలతో ఉందో నామినీ ఫారాలన్నిటిలోనూ అలాగే రాయండి, పాన్‌లో తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

తర్వాత ఒక కాగితం తయారు చేయండి. బ్యాంకు పేరు, బ్రాంచి, ఎఫ్‌డీ నంబర్లు, బ్రోకరు పేరు, డీమ్యాట్ ఖాతా నంబరు, ఫండ్ ఫోలియోలు, పాలసీ నంబరు, పీఎఫ్ యూఏఎన్, ఒక్కోదానికి ఎదురుగా నామినీ పేరు. ఇది రాయడానికి మీకు పెద్ద ఆధారం డిపాజిటరీ నుంచి మెయిల్‌కు వచ్చే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంటు. మీ పాన్ మీద ఉన్న షేర్లూ ఫండ్లూ ఒక్కచోట కనిపిస్తాయి, మీరే మర్చిపోయిన పాత ఫోలియో కూడా బయటపడవచ్చు. ఒక ప్రతి బీరువాలో పెట్టి, మీ భార్యను కూర్చోబెట్టుకుని ఒకసారి చదివి చెప్పండి. పాస్‌వర్డులు, పిన్‌లు అందులో రాయవద్దు. భర్త పోయాక ఆయన ఫోన్‌తోనే షేర్లు అమ్మి, డబ్బు తమ ఖాతాకు పంపుకునే కుటుంబాలు ఉన్నాయి. చనిపోయిన మనిషి పేరుతో లావాదేవీ చేయడం చట్టం ఒప్పుకునేది కాదు. మరో వారసుడు ఫిర్యాదు చేస్తే ఆ దుఃఖంలోనే ఆమె సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆమెకు కావలసింది మరణ ధ్రువపత్రం నకళ్లు నాలుగైదు, కుటుంబ సభ్యులెవరో తెలిపే ధ్రువపత్రం. కర్ణాటకలో దీనికి నాడకచేరిలో దరఖాస్తు చేస్తారు.

చివరగా వీలునామా. నామినీగా మీ భార్యను పెట్టినా, వీలునామా లేకపోతే ఆమె అందుకున్నదాంట్లో షేర్లు, ఫండ్లు, ఎఫ్‌డీల వరకు పావు వంతే ఆమెది. మిగతాది పిల్లలది, మీ అమ్మగారిది. పిల్లల వాటాను ఆమె ఇంటి అప్పుకు వాడుకున్నా రేపు లెక్క అడగవచ్చు. అంతా ఆమెకే చెందాలన్నది మీ కోరికైతే దాన్ని రాసి పెట్టాలి. తెలుగులోనే రాయవచ్చు, స్టాంపు పేపరు అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ముందు మీరు సంతకం చేయాలి, వాళ్లూ చేయాలి. వాటా వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేయిస్తే సంతకం మీద అనుమానం తగ్గుతుంది. బెంగళూరులో హిందువులు రాసుకున్న వీలునామాకు ప్రొబేటు, అంటే అది అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి కాదు.

రాసేటప్పుడు మీ అమ్మగారిని మర్చిపోకండి. నామినీ పేర్లన్నీ మార్చి వీలునామాలోనూ ఆమె ఊసెత్తకపోతే, నలుగురిలో ఒకరిగా చట్టం ఆమెకు ఇచ్చేది కూడా మీరే తీసేసినట్టవుతుంది. ఒక ఎఫ్‌డీ ఆమె పేర రాయండి, లేదా దాని మీద వడ్డీ ఆమె బతికున్నంత కాలం ఆమెకు, ఆ తర్వాత అసలు పిల్లలకు చెందాలని రాయండి. ఆ విషయం మీరు ఉండగానే ఆమెకూ, మీ భార్యకూ, మీ అన్నయ్యగారికీ కలిపి చెప్పండి.