ఫ్రెంచ్ నాట్ వెనక్కి జారకుండా, బులియన్ ఇరుక్కోకుండా

*పిల్లల కాటన్ గౌను మీద ఫ్రెంచ్ నాట్స్ కుడుతున్నాను. ఒకటి ఆవగింజంత, ఇంకొకటి మిరియమంత వస్తున్నాయి. కొన్నయితే గుడ్డలోంచి వెనక్కి దూరిపోతున్నాయి. బులియన్ రోజాలు కుడదామంటే సూది చుట్ల మధ్య ఇరుక్కుంటోంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?*

మా చెల్లెలి కూతురి మల్మల్ గౌనుకు మెడ చుట్టూ 40 ఫ్రెంచ్ నాట్స్ కుట్టాను. రెండోసారి ఉతికాక చూస్తే 11 ముడులు వెనక్కి పోయాయి. ముందు వైపు చిన్న చిన్న రంధ్రాలు మిగిలాయి. అప్పుడు గౌను తిరగేసి చూస్తే సంగతి అర్థమైంది.

సూది ఏ రంధ్రంలోంచి పైకి వచ్చిందో మళ్లీ అందులోంచే కిందికి దించాను. అలా దించితే ముడి కింద ఆనుకోవడానికి ఏమీ ఉండదు, దారంతో పాటు అదీ దిగిపోతుంది. పైకి వచ్చిన చోటికి ఒకటి రెండు నేత దారాలు వదిలి పక్కన దించాలి. ఆ రెండు దారాలే ముడిని మోస్తాయి. మల్మల్ లాంటి వదులు నేతకు అదీ చాలదు. ముడి రావాల్సిన చోట ముందుగా ఒక చిన్న కుట్టు వేసి, దానికి ఒక పక్క పైకి వచ్చి రెండో పక్క దిగండి. ముడి ఆ కుట్టు మీద కూర్చుంటుంది. ముడులు చాలా ఉంటే వెనక పల్చటి కాటన్ లైనింగు ముక్క పెట్టి రెండింటినీ కలిపి కుట్టడం నయం.

రెండో కారణం వెనక ఉంది. ఒక ముడి నుంచి ఇంకో ముడికి వెళ్లేటప్పుడు దారాన్ని బిగుతుగా లాగేశాను. రింగులోంచి గుడ్డ తీయగానే ఆ దారం ముడిని లోపలికి గుంజింది. ముడుల మధ్య దూరం ఒక సెంటీమీటరు దాటితే అక్కడికి దారం ముగించేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక సైజు. చాలామంది పెద్ద ముడి కోసం చుట్లు పెంచుతారు. మూడు నాలుగు చుట్లు దాటితే ముడి ఒక పక్కకి వాలిపోతుంది, ఏ రెండూ ఒకేలా రావు. చుట్లు ఎప్పుడూ రెండే ఉంచి పోగులు మార్చండి. చిన్నదానికి 2 పోగులు, పెద్దదానికి 4. చుట్టాక సూది మొన గుడ్డలో గుచ్చి ఒక్క క్షణం ఆగండి. ఎడమ చేత్తో దారం లాగితే చుట్లు సూది వెంట జారి గుడ్డను తాకుతాయి. తాకాక, దారాన్ని అలాగే బిగువుగా పట్టుకుని సూదిని కిందికి లాగండి. దారం చివరి రెండు అంగుళాలు మిగిలే వరకు ఎడమ చెయ్యి వదలకూడదు. ముడి గుడ్డ మీదే బిగిసిపోవాలి. సూది లాగేటప్పుడు బిగిద్దామనుకుంటే ప్రతి ముడికీ టెన్షన్ వేరుగా పడుతుంది, సైజు తేడా అక్కడే వస్తుంది.

బులియన్‌లో ఇరుక్కోవడానికి కారణం చాలావరకు సూదే. మామూలు ఎంబ్రాయిడరీ సూదికి బెజ్జం దగ్గర లావుగా ఉంటుంది. సూదిని వేళ్ల మధ్య నుంచి లాగి చూడండి, ఆ ఉబ్బు చేతికి తెలుస్తుంది. చుట్లు అక్కడే పట్టేస్తాయి. మిల్లినర్స్ సూది అడిగి తెచ్చుకోండి, దాన్నే స్ట్రా సూది అని కూడా అంటారు. అది మొన తప్ప చివరిదాకా ఒకే మందం. నంబరు పెరిగేకొద్దీ సన్నం. 3 పోగులకు నేను 5 నంబరు వాడతాను.

చుట్ల లెక్క గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రోజా రేకుకు 6 మిల్లీమీటర్ల దూరం తీసుకున్నారనుకోండి. సూదిని అవతలి చివర గుచ్చి, దారం పైకి వచ్చిన చోటే మొన బయటపెట్టండి, పూర్తిగా లాగొద్దు. మొనకు చుట్లు వేస్తూ, వాటిని వేలితో దగ్గరకు నెట్టి ఆ 6 మిల్లీమీటర్లతో సరిచూడండి. నా చేతికి 10 చుట్లు సరిపోతాయి, పైన ఇంకొకటి వేస్తాను. రేకు వంపు తిరగాలంటే ఇంకో మూడు నాలుగు కలపాలి. చుట్లు సూది మీద వేలితో తిప్పితే తిరిగేంత వదులుగా ఉండాలి. చుట్టేకొద్దీ దారం పురి విప్పుకుని పోగులు విడిపోతుంటే, రెండో దిశలో చుట్టి చూడండి.

తర్వాత చుట్లను బొటనవేలు, చూపుడువేలు మధ్య మెత్తగా పట్టుకుని సూది లాగి, దారాన్ని అవతలి చివర వైపు మళ్లించండి. చుట్లు ఒకచోట గుమిగూడితే వాటి కింద సూదిని అడ్డంగా పెట్టి అటూ ఇటూ జరపండి, సర్దుకుంటాయి. అప్పుడే చివర దించండి.

వెనక్కి పోయిన ముడుల్ని ముందుకు లాగడానికి ప్రయత్నించకండి, నేత దారాలు పక్కకు జరిగి రంధ్రం పెద్దదవుతుంది. వెనక నుంచే కత్తిరించి, రంధ్రం దగ్గర గుడ్డను కాస్త తడిపి గోటితో నేత దగ్గరికి సర్ది, ఆరాక పక్కనే చిన్న కుట్టు వేసి దాని మీద కొత్త ముడి వేయండి. మా గౌనుకు ఆ 11 చోట్లా అలాగే చేశాను.