రెండో హరివిల్లు రంగులు తిరగబడటం, మధ్యలో నల్లపట్టీ

"సాయంత్రం కళింగపట్నం బీచ్‌లో సముద్రం మీద రెండు హరివిల్లులు వచ్చాయి. పైదాని రంగులు తలకిందులు, రెంటి మధ్య ఆకాశం నల్లగా ఉంది. ఫోన్ కెమెరా లోపమాండీ?"

కెమెరా లోపం కాదండీ, అది చూపింది నిజమే.

కింది విల్లులో కాంతి చినుకు లోపల ఒక్కసారి పరావర్తనం చెంది సుమారు 138 డిగ్రీలు మళ్లుతుంది. పైదానిలో రెండుసార్లు పరావర్తనం చెంది, 180 దాటి దాదాపు 230 డిగ్రీలు తిరుగుతుంది. రెంటిలోనూ అందరికన్నా తక్కువ తిరిగేది ఎరుపే. 180 లోపు ఆగినప్పుడు, తక్కువ తిరిగిన ఎరుపు విల్లు కేంద్రానికి, అంటే సూర్యుడికి సరిగ్గా ఎదుటి బిందువుకి, దూరంగా 42 డిగ్రీల దగ్గర పడుతుంది. 180 దాటాక లెక్క తారుమారు: తక్కువ తిరిగినదే కేంద్రానికి దగ్గర, అంటే 50 దగ్గర. అందుకే రెండు ఎరుపులూ ఎదురెదురుగా నిలుస్తాయి.

ఇక ఆ నల్లపట్టీ. ఒక్క పరావర్తనం కాంతి 42 లోపలికే చెదురుతుంది, రెండు పరావర్తనాలది 50 బయటికే. మధ్యలోని చినుకులు ఈ రెండు రకాల కాంతినీ మీ కంటికి పంపవు. నిజానికి అక్కడ ఆకాశం నల్లబడలేదు, అటూ ఇటూ వెలుగు పెరిగింది. క్రీ.శ. 200 ప్రాంతంలో దీన్ని వర్ణించిన గ్రీకు తత్వవేత్త అలెగ్జాండర్ పేరుతోనే పిలుస్తారు.

ఈసారి చెయ్యి చాచి పిడికిలి అడ్డుపెట్టండి, అక్కడ పట్టీ వెడల్పు దాదాపు మొత్తం దాని వెనక్కి పోతుంది.