మేనల్లుడికి: రెండు ఆఫర్ లెటర్ల లెక్క

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ఆఫర్ లెటర్లూ ప్రింటు తీయించి నిదానంగా చదివాను. ఫ్యాక్టరీలో జీతాల సెక్షన్‌లోనే రిటైరైనవాణ్ణి కదా, ఇలాంటి కాగితం చేతికొస్తే షరతులు చదివిన తర్వాతే అంకెలు చూస్తాను.

శ్రీసిటీలోని కంపెనీ వాళ్లు ఏడాదికి 5,40,000 ఫిక్స్‌డ్, 36,000 వేరియబుల్ రాశారు. మోటార్లు, పైపుల కంపెనీ వాళ్లు సేల్స్ పనికి 4,08,000 ఫిక్స్‌డ్, 2,40,000 వేరియబుల్ అన్నారు. కాగితం మీద రెండోదే 72,000 ఎక్కువ. తిరుపతిలోనే ఉంటావని మీ అమ్మ మనసు కూడా అటే ఉంది.

ముందు ఒక్క లెక్క వేద్దాం. శ్రీసిటీలో వేరియబుల్ కంపెనీ లాభాన్ని బట్టి ఇస్తారు కాబట్టి ముప్పావు వంతే వస్తుందనుకో. అంటే 27,000. మొత్తం 5,67,000 అవుతుంది. రెండో ఉద్యోగంలో అంత రావాలంటే ఫిక్స్‌డ్ పోను ఇంకా 1,59,000 కావాలి. అది వాళ్ల వేరియబుల్‌లో సుమారు 66 శాతం. కాబట్టి తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ కంపెనీలో, ఆ ఏరియాలో, ఏటా 66 శాతానికి మించి చేతికొస్తుందా?

నూటికి 66 ఎంతలే అనుకుంటావు. వాళ్ల స్లాబు చూడు. మూడు నెలలకోసారి 60,000. టార్గెట్ పూర్తయితే మొత్తం ఇస్తారు. 80 నుంచి 99 శాతం చేస్తే సగం. 80కి తగ్గితే సున్నా. ఇప్పుడు ఒక ఏడాదిలో నువ్వు వరసగా 100, 85, 78, 100 శాతం చేశావనుకో. సగటున 90 దాటావు, ఎవరైనా మంచి పనిమంతుడనే అంటారు. చేతికొచ్చేది మాత్రం 60,000, 30,000, సున్నా, 60,000. మొత్తం లక్షన్నర, అంటే 62.5 శాతం. అంత కష్టపడినా శ్రీసిటీ కంటే 9,000 తక్కువే. రెండు శాతం దగ్గర ఆగిపోయిన ఆ 78 నీకు 30,000 నష్టం తెచ్చింది.

పైగా నీ ఏరియా మదనపల్లె, పుంగనూరు, పలమనేరు. అక్కడి రైతు మోటారు ఎప్పుడు కొంటాడనేది టమోటా ధరను బట్టి ఉంటుంది. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన నెలల్లో నువ్వు ఎంత తిరిగినా డీలరు కొత్త సరుకు దించుకోడు. ఇంకో షరతు మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది: బిల్లు వేస్తే చాలదు, డీలరు దగ్గర డబ్బు వసూలైతేనే అమ్మకం కింద లెక్క. సరుకు పోయింది, డబ్బు రాలేదంటే ఆ అమ్మకం ఆ మూడు నెలల లెక్కలో పడదు. వచ్చిన వేరియబుల్ కూడా 45 రోజుల తర్వాత ఇస్తారట, అప్పటికి నువ్వు రాజీనామా పెట్టి ఉండకూడదట.

నెలనెలా చూస్తే ఒకచోట 45,000, ఇంకోచోట 34,000. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలోకి మామూలుగా వేరియబుల్ రాదు. రేపు ఇంటి లోనుకు పోయినా బ్యాంకు వాళ్లు ముందు ఫిక్స్‌డే చూస్తారు.

ఇంత చెప్పినా రెండోది వద్దని కొట్టిపారేయను. నీకు మనుషులతో కలుపుగోలుతనం ఉంది, ఆ పని నీకు నప్పుతుంది. అయితే సంతకం పెట్టకముందే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి మూడు సంగతులు అడుగు. పోయిన నాలుగు క్వార్టర్లలో ఈ ఏరియాకు ఎంత శాతం వేరియబుల్ ఇచ్చారు? కంపెనీ మొత్తం సగటు చెబితే ఒప్పుకోకు, బెంగళూరు లాంటి చోట బాగా అమ్మినవాళ్లు కూడా అందులో కలుస్తారు. పాత మనిషి వదిలిపోయిన బకాయిలు నీ లెక్కలోకి వస్తాయా? కొత్తవాడికి డీలర్లు పరిచయం కావడానికే ఆరు నెలలు పడుతుంది కాబట్టి మొదటి రెండు క్వార్టర్ల వేరియబుల్ గ్యారంటీగా ఇస్తారా? ఫోన్లో సరే అంటే చాలదు, ఆఫర్ లెటర్‌లో రాయించుకో.

వాళ్లు జవాబిచ్చేలోపు మదనపల్లె బస్సెక్కి వాళ్ల డీలర్లను ఇద్దరిని కలిసిరా. పాత సేల్స్ అబ్బాయి ఎందుకు మానేశాడో, ఇన్సెంటివ్ వచ్చిందని ఎప్పుడైనా సంతోషంగా చెప్పాడో వాళ్లకు తెలిసే ఉంటుంది. నాలుగు క్వార్టర్ల సగటు 75 శాతం దాటి, గ్యారంటీ కూడా రాసిస్తే రెండోదానికే పో. అంకెలు చెప్పడానికి నసిగితే మాత్రం శ్రీసిటీ బస్సెక్కు, మీ అమ్మకు నేను సర్దిచెబుతాను.

శ్రీసిటీ వాళ్లను ఇంకో వారం గడువు అడిగి పెట్టుకో. మెయిల్‌కు జవాబు రాగానే నాకు పంపు, కొత్త అంకెలతో మళ్లీ లెక్కేద్దాం.

మీ మామ