మూడో కంటైనర్ అవసరమా?

"పలాస నుంచి జీడిపప్పు కార్టన్లు పంపాలి. లాట్లు 4, 4, 3, 3, 3, 3 టన్నులు. ఏ లాటునూ విడదీయకూడదు. కంటైనర్‌కు 10 టన్నులు. మొత్తం 20 టన్నులే కదా, ప్రోగ్రామ్ మూడు కంటైనర్లు ఎందుకు అడుగుతోంది?"

ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదండీ. అది వాడే ఫస్ట్ ఫిట్ డిక్రీజింగ్ పద్ధతి పెద్ద లాట్లతో మొదలుపెట్టి, ఒక్కోదాన్నీ పట్టే మొదటి కంటైనర్లోనే వేస్తుంది. రెండు 4లూ మొదటి కంటైనర్లో పడగానే మిగిలేది 2 టన్నుల చోటు, అందులో 3 పట్టదు. రెండో దానిలో మూడు 3లు ఎక్కాక, చివరి 3 ఒంటరిగా మిగిలిపోతుంది. మీరే 4+3+3 చొప్పున సర్దండి, రెండే చాలు.

అయితే 20ని 10తో భాగిస్తే వచ్చే 2 కనీస హద్దు మాత్రమే, అది ప్రతిసారీ అందదు. 6 టన్నుల లాట్లు మూడుంటే మొత్తం 18, హద్దు 2; కానీ ఏ రెండూ కలిసి పట్టవు, మూడు కంటైనర్లు కావలసిందే. అందుకే ముందు 5 టన్నులు దాటిన లాట్లను లెక్కపెట్టండి, కనీసం అన్ని కంటైనర్లు తప్పవు. మీ జాబితాలో అలాంటిది ఒక్కటీ లేదు.