తెలుగులో మాట్లాడి రాయించిన మెయిల్లో ముందు చూడాల్సింది మాట చివర

ప్రశ్న: ఆఫీసు మెయిల్స్ ఫోన్‌లో తెలుగులో మాట్లాడి టైప్ చేయిస్తున్నాను. పేర్లు తప్పు పడుతున్నాయి, ఫుల్‌స్టాప్‌లు రావట్లేదు, ఒక మాట చెబితే అలాంటిదే ఇంకో మాట పడుతోంది. పంపే ముందు త్వరగా సరిచేసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

ఉంది. మెయిల్ మొత్తం పైనుంచి కిందికి చదవడం మాత్రం ఆ పద్ధతి కాదు. అలా చదివితే మీరు చెప్పాలనుకున్నదే మీ కంటికి కనిపిస్తుంది, ఫోన్ రాసింది కనిపించదు. ముందు క్రియలన్నీ చూడండి, అది కూడా ప్రతి క్రియ చివర చూడండి. తర్వాత అంకెలు, ఆ తర్వాత ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు. మిగతా తప్పులు ఉన్నా అవతలివాళ్ళు అర్థం చేసుకుంటారు. ఈ మూడింట్లో తప్పు పడితే మాత్రం అర్థమే మారిపోతుంది, పైగా వాక్యం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నేను విజయవాడలో వ్యవసాయ పైపులు, మోటార్లు సప్లై చేసే ఒక గోడౌన్‌లో ఆర్డర్లు చూస్తాను. ఫీల్డులో తిరిగే కుర్రాళ్ళు బైకు పక్కన ఆపి ఫోన్‌లో మాట్లాడి మెయిల్ కొట్టేస్తారు. వాటిని సరిచేసి బిల్లింగ్‌కి పంపడం నా పని. ఆమధ్య ఒక మెయిల్ ఇలా వచ్చింది: "నందిగామ వాళ్ళు చెక్కు పంపరు పైపులు 23 అంగుళాలవి రేపు కాదు ఈరోజే లోడ్ చేయండి".

ఒక్క ఫుల్‌స్టాప్ లేదు, ఒక్క కామా లేదు. అయినా అక్షరదోషం కూడా ఒక్కటి లేదు, గమనించండి. ప్రతి మాటా తెలుగు మాటే. కానీ చెక్కు పంపరట, సరుకు మాత్రం ఈరోజే లోడ్ చేయాలట. డబ్బు ఇవ్వనివాళ్ళకి అంత తొందరగా సరుకెందుకు? ఇలా పక్కపక్క మాటలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటుంటే అక్కడ ఫోన్ ఏదో మార్చిందని అర్థం. ఇక 23 అంగుళాల పైపు మా గోడౌన్‌లోనే లేదు, ఏ రైతూ పొలానికి అంత లావు పైపు వేయడు. మూడోది, ఆ మెయిల్ పంపిన అబ్బాయి చూసేది శ్రీకాకుళం వైపు. నందిగామేమో మాకు పక్కనే, హైదరాబాద్ రోడ్డు మీద, ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అది ఇంకొకరి లైను.

ఫోన్ చేశాను. "తమ్ముడూ, చెక్కు పంపారా, పంపరా?" అంటే "పంపేశారక్కా, కొరియర్ రసీదు నా చేతిలోనే ఉంది" అన్నాడు. ఊరు నందిగామ కాదు నందిగాం, టెక్కలి దగ్గరిది. పైపులు ఇరవై, మూడు అంగుళాలవి. బిల్లింగ్ వాళ్ళు ఆ మెయిల్‌ని ఉన్నదున్నట్టు పట్టుకుని ఉంటే ఆర్డరు ఆగిపోయేది, లేదా నాలుగు వందల కిలోమీటర్లు దాటి ఉత్తరానికి వెళ్ళాల్సిన సరుకు పడమటికి బండెక్కేది.

ఇప్పుడు ఆ మూడు తప్పులూ ఎందుకు పడ్డాయో చూడండి. పంపారు అంటే పని అయిపోయింది, పంపరు అంటే అసలు చేయరు. రెంటికీ తేడా ఒక్క దీర్ఘం. కట్టారు, కట్టరు, మార్చారు, మార్చరు, చెప్పారు, చెప్పరు అన్నీ ఇంతే. గాలిలో, బండ్ల మోతలో, గబగబా మాట్లాడేటప్పుడు మనం ఆ దీర్ఘాన్ని సగమే పలుకుతాం, ఫోన్ దాన్ని కొట్టేస్తుంది. ప్రశ్నలదీ ఇదే గొడవ. "బిల్లు కట్టారా" అని అడిగితే "బిల్లు కట్టారు" అని పడుతుంది, ప్రశ్నార్థకం ఎలాగూ రాదు, అవతలివాళ్ళు సరేనని ఊరుకుంటారు. ల, ళ తేడాలు కూడా పడతాయి, వేలకి వేళ అని వస్తుంది, కానీ దాంతో ఎవరికీ నష్టం లేదు, చదివినవాళ్ళే సర్దుకుంటారు. అందరూ ఆ ళ దిద్దడానికే టైమంతా పెట్టి దీర్ఘాల్ని వదిలేస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

దిద్దడం కంటే తేలికైన పని అసలు తప్పు పడని మాట వాడడం. పంపారు అనకుండా పంపేశారు అనండి, పంపరు అనకుండా పంపడం లేదు అనండి. కట్టారా అనకుండా కట్టారా లేదా అనండి, ఆ లేదా పడిందంటే ప్రశ్నార్థకం లేకపోయినా అది ప్రశ్నే అని తెలిసిపోతుంది. మా కుర్రాళ్ళకి ఈ ఒక్కటి అలవాటు చేశాక నేను చేసే ఫోన్లు బాగా తగ్గాయి.

అంకెల సంగతి పూర్తిగా కామా సంగతే. ఇరవై అని ఆగి మూడు అన్నా ఫోన్‌కి ఆ ఆగడం అక్కర్లేదు, రెండూ కలిపి 23 చేస్తుంది. నా ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతూ కామా అంటే కామా అనే మాటే టైపవుతుంది, గుర్తు పడదు. అందుకని రెండు అంకెల్ని పక్కపక్కన రానివ్వకండి. "మూడు అంగుళాల పైపులు, మొత్తం ఇరవై" అని చెబితే మధ్యలో మాటలు అడ్డుంటాయి, కలవడానికి చోటే ఉండదు. ఫుల్‌స్టాప్‌లకి కూడా నేను చేసేది ఒకటే, ఒక్కో వాక్యం చెప్పి మైకు ఆపి, ఎంటర్ కొట్టి, మళ్ళీ మైకు నొక్కి రెండోది చెప్పడం. లైనుకో వాక్యం ఉంటే ఫుల్‌స్టాప్ లేకపోయినా ఎవరూ తప్పుగా కలిపి చదవరు.

పేర్లు మాత్రం నోటితో చెప్పొద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. ఒకేలా వినిపించే పేర్లు రెండుంటే ఫోన్ జనం ఎక్కువగా రాసే పేరునే పట్టుకుంటుంది, నందిగాం ఎన్నిసార్లు చెప్పినా నందిగామే అవుతుంది. పైగా రంగారెడ్డి జిల్లాలో ఇంకో నందిగామ ఉంది. పేరు వచ్చే చోట ఖాళీ వదిలేసి, పాత బిల్లులోంచో పాత మెయిల్లోంచో కాపీ చేసి అతికించండి, పక్కన జిల్లా పేరు కూడా పెట్టండి. రోజూ వాడే పేర్లయితే జీబోర్డు సెట్టింగుల్లో Personal dictionary అని ఉంటుంది, అక్కడ పూర్తి పేరు ఎక్కించి దానికి రెండు మూడు అక్షరాల షార్ట్‌కట్ పెట్టుకోండి. ఆ షార్ట్‌కట్ కొడితే పూర్తి పేరు పైన కనిపిస్తుంది, నొక్కితే చాలు. ఇది టైపింగ్‌కే సాయం, నోటితో చెప్పినప్పుడు దీన్ని నమ్ముకోవద్దు.

పెద్ద మెయిలైతే ఆండ్రాయిడ్‌లో Select to Speak పెట్టి ఫోన్‌తోనే చదివించుకోండి. కంటికి దొరకని దీర్ఘం చెవికి దొరుకుతుంది, పంపరు అని వినగానే ఉలిక్కిపడతారు. పేర్లకి మాత్రం ఇది పనికిరాదు, ఎందుకంటే తప్పు పేరుని కూడా అది చక్కగానే చదువుతుంది.

"తెలుగులో వాయిస్ పనికిరాదు, ఇంగ్లీషులో చెప్పండి" అనే మేనేజర్లు మా దగ్గరా ఉన్నారు. నేను ఒప్పుకోను. ఇంగ్లీషులో చెబితే మన ఊర్ల పేర్లు ఊర్ల పేర్లుగానే మిగలవు, ఏదో ఇంగ్లీషు మాటయి కూర్చుంటాయి. ఇంకొందరు మెయిల్ చివర "వాయిస్‌లో పంపాను, తప్పులుంటే సర్దుకోండి" అని పెడతారు. ఎక్కడ సర్దుకోవాలి? పంపారో పంపరో నాకెలా తెలుస్తుంది? ఆ లైను చెప్పే టైములో పైన ఉన్న క్రియలు చూసుకోవచ్చు కదా!